కట్టలో ఒక నోటు తక్కువ: కావలి ఫీడ్ షాపు కరెంటు ఖాతా పరిశీలన

కావలి నుంచి అల్లూరు వెళ్లే దారిలో రొయ్యల ఫీడ్, చెరువు మందులు అమ్మే ఒక ప్రొప్రైటరీ షాపు. దాని కరెంటు ఖాతాలో 2024 ఆగస్టు నుంచి అక్టోబరు వరకు జరిగిన నగదు జమల పరిశీలన ఇది. మనుషుల్నీ షాపునీ గుర్తుపట్టే వివరాలు మార్చాం. అంకెల మధ్య సంబంధం మాత్రం చెడగొట్టలేదు, ఈ కేసులో చూడాల్సింది అదే కాబట్టి.

బ్యాంకుల్లో ఈ పని చేసేవాళ్లకి "పది లక్షల లోపు, యాభై వేల లోపు" అన్న మాటలు కొత్త కాదు. అయితే పరిమితికి కాస్త తక్కువగా జమలు కనిపించడం ఒక్కటే అనుమానానికి చాలదు. ఆ అంకె షాపు గల్లాలోంచి పుట్టిందా, పరిమితిని చూసి పుట్టిందా అన్నది తేల్చాలి. ఈ ఖాతాలో అది తేలడానికి మూడు నెలల స్టేట్‌మెంటు, క్యాష్ డిపాజిట్ మిషన్ల లాగ్, షాపు అరువు పుస్తకం సరిపోయాయి. తేలడానికి ముందు ఇదే ఖాతా మీద వచ్చిన అలర్టును ఒకసారి "సమస్య లేదు" అని మూసేశారు. అది ఎందుకు మూతపడిందో కూడా చెప్పుకోవాలి.

రెండు గీతలు

మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద 2005లో వచ్చిన రికార్డుల నిబంధనల ప్రకారం 10 లక్షల రూపాయలు దాటిన ప్రతి నగదు లావాదేవీ బ్యాంకు నుంచి ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు వెళ్లాలి. తర్వాతి నెల 15వ తేదీలోగా పంపే ఆ నివేదికే సీటీఆర్. ఖాతాదారుల్లో చాలామందికి తెలియనిది దాని పక్కనే ఉంది: ఒక్కొక్కటీ 10 లక్షల లోపే ఉన్నా, ఒకదానితో ఒకటి ముడిపడిన జమలు ఒకే నెలలో కలిపి 10 లక్షలు దాటితే అవీ అందులోకే వస్తాయి. కాబట్టి తొమ్మిది లక్షల ఎనభై వేల చొప్పున మూడుసార్లు కట్టినవాడు రిపోర్టు తప్పించుకోలేదు. తప్పించుకోవాలనుకున్నాడన్న ఆనవాలు మాత్రం తానే ఇచ్చిపోయాడు.

రెండో గీత 50,000. సీటీఆర్‌లో 50,000 లోపు విడి లావాదేవీల వివరాలు ఇవ్వనక్కర్లేదు. నెల మొత్తాన్ని బట్టి ఖాతా నివేదికలో కనిపించినా ఆ చిన్న జమలు అందులో కనిపించవు. దీనికి తోడు, ఈ కేసు కాలానికి అమల్లో ఉన్న ఆదాయపన్ను నిబంధన ప్రకారం ఒక రోజులో 50,000 దాటి నగదు కడితే పాన్ చెప్పాలి. ఇక్కడ "ఒక రోజులో" అన్న మాట గమనించండి. పొద్దున 49,500, మధ్యాహ్నం 49,500 కడితే ఆ రోజు లెక్క 99,000 అవుతుంది.

ఎస్‌టీఆర్‌కు, అంటే అనుమానాస్పద లావాదేవీ నివేదికకు, ఏ మొత్తమూ అడ్డుగీత కాదు. ఐదు వేల లావాదేవీ మీదైనా పంపవచ్చు.

ఖాతా మామూలుగా ఎలా ఉండేది

ముందు చూడాల్సింది అనుమానం వచ్చిన నెలలు కాదు, వాటికి ముందరి నెలలు. ఈ ఖాతాకు 2023 జూన్ నుంచి 2024 జులై వరకు 14 నెలల స్టేట్‌మెంటు తీశారు. నెలకు నగదు జమలు మూడు నుంచి ఎనిమిది, మొత్తం రెండు లక్షల నుంచి నాలుగున్నర లక్షల మధ్య. అంకెలు షాపు గల్లాలాగే గతుకులుగా ఉన్నాయి: 62,350, 1,37,500, 28,900. మిగతా రాబడి, అంటే నెలకు 8 నుంచి 10 లక్షలు, యూపీఐలోనో, నెఫ్ట్‌లోనో వచ్చేది. పట్టుబడి, అంటే చెరువులోంచి రొయ్య తీయడం, అయ్యాక ఆ రొయ్య కొన్న ఏజెంటే రైతు బాకీని నేరుగా ఫీడ్ షాపు ఖాతాకు పంపడం ఈ తీరంలో మామూలే. ఆ జమలు కూడా ఇందులో ఉన్నాయి. పోయే డబ్బులో సింహభాగం ఫీడ్ కంపెనీలకు, నెలకు 11 నుంచి 13 లక్షలు. ఖాతా తెరిచినప్పుడు ఏడాదికి కోటీ అరవై లక్షల టర్నోవర్ అని రాసిచ్చారు. అంతా ఒకదానికొకటి అతికే లెక్కే.

ఫీడ్ వ్యాపారం సంగతి తెలియకపోతే ఈ ఖాతాను చదవలేం. వనామీ రకం రొయ్య పంట దాదాపు మూడు నాలుగు నెలలది. ఫీడ్ పంట పొడుగునా అరువు మీద పోతుంది, డబ్బు పట్టుబడికి ముద్దగా వస్తుంది. బస్తా 25 కిలోలు. ఈ కేసులో సగటు ధర 2,300 చొప్పున లెక్కించాం. డీలరుకు మిగిలే తేడా పలచనిది. అందుకే కంపెనీకి కట్టిన డబ్బు చూస్తే షాపు ఎంత అమ్మి ఉంటుందో దగ్గరదగ్గరగా చెప్పవచ్చు. రొయ్యల ఫీడ్ మీద జీఎస్టీ లేదు కాబట్టి పన్ను రిటర్నులు పట్టుకుని అమ్మకాలు తేల్చాలనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. కొనుగోలు చెల్లింపులే నమ్మదగిన కొలబద్ద.

ఆగస్టు: కౌంటరులో

ఆగస్టు 6న సొంత బ్రాంచి కౌంటరులో 12,40,000 నగదు కట్టారు. అంతకుముందు 14 నెలల్లో ఒక రోజు కట్టిన గరిష్ఠ నగదు రెండు లక్షలు దాటలేదు. క్యాషియర్ డబ్బు ఎక్కడిదని అడిగి, కాగితం మీద రాయించుకున్నారు: "రైతుల బాకీ వసూళ్లు". అంతవరకు చేసినది సరైనదే. దాని వెంట అన్న మాటే తప్పు: "అన్నా, పది దాటితే పైకి రిపోర్టు పోద్ది, ఈసారి తగ్గించి కట్టుకోండి." సాయం చేద్దామనే అన్నారు, రోజూ వచ్చే మనిషి కదా. కానీ దాని తర్వాత వచ్చినవి ఇవి:

ఆగస్టు 20న 9,80,000. 21న 9,70,000. 28న 9,90,000.

ఆ సలహా వల్ల పరిశీలనకు రెండు రకాల నష్టం జరిగింది. ఖాతాదారుకు గీత ఎక్కడుందో తెలిసింది. అది ఒకటి. రెండోది, ఎవరైనా "బ్యాంకువాళ్లు చెప్పినట్టే కట్టాను" అంటే ఆ మూడు జమల వెనక ఉద్దేశం ఏమిటో గట్టిగా చెప్పలేని పరిస్థితి వచ్చింది. అందుకే ఎస్‌టీఆర్‌లో ఆగస్టు జమల్ని ప్రధాన ఆధారంగా పెట్టలేదు, నేపథ్యంగానే రాశారు. కౌంటరులో అడగాల్సింది డబ్బు ఎక్కడిదని, ఎవరు తెచ్చారని. పరిమితి ఎంతో, రిపోర్టు ఎప్పుడు పోతుందో చెప్పడం కౌంటరు పని కాదు.

ఆగస్టు మొత్తం 41,80,000. అంతకుముందరి ఏ నెలతో చూసినా తొమ్మిది రెట్లకు పైనే. నెలసరి అలర్టు వచ్చింది. చూసినవారు "పట్టుబడి కాలం, వసూళ్లు ఎక్కువ" అని రాసి పక్కన పెట్టి, సెప్టెంబరు వచ్చాక మళ్లీ చూద్దామనుకున్నారు. సీటీఆర్‌లో నాలుగు జమలూ వెళ్లాయి, ఒక్క 12,40,000 మాత్రమే కాదు. ఆ పని బ్రాంచి సక్రమంగానే చేసింది.

సెప్టెంబరు 10న రిలేషన్‌షిప్ మేనేజర్ ఆగస్టు అమ్మకాల పుస్తకం, స్టాకు వివరం ఇమ్మని అడిగారు. ఆ తర్వాత కౌంటరులో పెద్ద మొత్తం కట్టడం ఆగిపోయింది. సెప్టెంబరు లెక్కల్లో సిస్టం చూపిన నగదు ఒక లక్ష పైచిలుకు. ఖాతా మళ్లీ దారికొచ్చిందనుకుని అలర్టు మూసేశారు.

సిస్టం చూడని చోట

నగదు ఆగలేదు. సెప్టెంబరు 12 నుంచి క్యాష్ డిపాజిట్ మిషన్లలోకి మారింది. అలర్టు నియమం "నగదు" అని లెక్కపెట్టేది కౌంటరు లావాదేవీ కోడ్‌ను ఒక్కదాన్నే. మిషన్‌లో కట్టిన డబ్బు వేరే కోడ్ మీద పడుతుంది. ఆ కోడ్ నియమంలో చేర్చలేదు. ఖాతాల పరిశీలనలో ఎక్కువగా జరిగే పొరపాట్లలో ఇదొకటి. స్టేట్‌మెంటు చూసే మనిషికి మిషన్ జమ నగదేనని తెలుసు, నియమానికి తెలియదు. అందుకే ఏ నగదు పరిశీలనైనా మొదలుపెట్టేముందు ఆ బ్యాంకులో నగదు ఎన్ని కోడ్‌ల మీద ఖాతాలోకి రాగలదో జాబితా రాసుకోవాలి: కౌంటరు, సొంత మిషన్, వేరే బ్రాంచి కౌంటరు, బ్యాంకింగ్ కరస్పాండెంట్, షాపుకు వచ్చి నగదు తీసుకెళ్లే ఏజెన్సీ. ఒక్కటి వదిలినా ఆ సందులోంచే పోతుంది.

నవంబరులో ఆవర్తన సమీక్షకు ఈ ఖాతా వంతు వచ్చి, స్టేట్‌మెంటును మనిషి కళ్లతో చూసినప్పుడే మిషన్ జమలు బయటపడ్డాయి. సెప్టెంబరు 12 నుంచి అక్టోబరు 31 వరకు 68 జమలు. 49,500 చొప్పున 41, 49,000 చొప్పున 19, 48,500 చొప్పున 8. మొత్తం 33,48,500. సెప్టెంబరులో 27 జమలకు 13,30,000, అక్టోబరులో 41 జమలకు 20,18,500. రెండు నెలల్లోనూ మొత్తం 10 లక్షలు దాటింది. కానీ ఒక్క జమా 50,000 దాటలేదు.

లెక్క ఎలా వేశారు

స్టేట్‌మెంటును స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి ఎ కాలమ్‌లో తేదీ, బి లో సమయం, సి లో మార్గం, డి లో మొత్తం, ఇ లో మిషన్ నంబరు పెట్టారు. మొదట అందరూ చేసేదే చేశారు: గీతకు కింద ఎన్ని, పైన ఎన్ని.

```
=COUNTIFS(C:C,"CDM",D:D,">=45000",D:D,"<50000")
=COUNTIFS(C:C,"CDM",D:D,">=50000",D:D,"<55000")
=COUNTIFS(C:C,"CDM",D:D,"<45000")
```

మొదటిది 68, రెండోది 0. ఇది చూడగానే కేసు తేలిపోయిందనుకోకూడదు. కార్డు లేకుండా, ఖాతా నంబరు కొట్టి కట్టే జమను చాలా మిషన్లు 50,000 లోపే ఆపేస్తాయి. 49,900 దగ్గర ఆపే మిషన్లున్నాయి. కాబట్టి గీతకు పైన సున్నా రావడం మిషన్ వల్ల కూడా కావచ్చు. అనుభవం లేనివాళ్లు ఇక్కడే పడిపోతారు. 49,900 జమలు వరసగా కనిపిస్తే చాలు, అనుమానం రాసేస్తారు.

అసలు సంగతి మూడో లెక్కలో ఉంది. పోలికకు నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక సెల్‌ఫోన్ షాపు ఖాతాను పక్కన పెట్టుకున్నారు. అందులోనూ 49,900 జమలు ఉన్నాయి. కానీ ప్రతి 49,900 తర్వాత రెండు మూడు నిమిషాల్లో అదే మిషన్‌లో ఇంకో జమ ఉంది: 18,300, 7,600, 31,200. ఆ రోజు గల్లాలో ఉన్నది 68,200. మిషన్ ఒకసారికి తీసుకోనందువల్ల రెండు ముక్కలైంది. మొదటి ముక్క పరిమితి కొలత, రెండో ముక్క మిగులు. నిజమైన వ్యాపారం డబ్బును మిషన్ కోసం విడగొడితే మిగులు మిగిలి తీరుతుంది, అది రోజుకో రకంగా ఉంటుంది.

ఫీడ్ షాపు ఖాతాలో 45,000 లోపు మిషన్ జమ ఒక్కటీ లేదు. 68 జమల్లో మిగులు సున్నా. ఎక్కడో ఎవరి దగ్గరో ఉన్న ఒక మొత్తం గీతకు తగ్గట్టు ముక్కలుగా చేరుతోందే తప్ప, ఆ రోజు అమ్మకం ఎంతో దానికి సంబంధమే లేదు.

తర్వాత నోట్ల లెక్క. మిషన్ లాగ్‌లో ఏ నోట్లు ఎన్ని పడ్డాయో ఉంటుంది, స్టేట్‌మెంటులో ఉండదు. దాన్ని విడిగా అడిగి తెప్పించుకోవాలి. చాలామంది అడగరు. ఇక్కడ అన్నీ 500 నోట్లే. 49,500 అంటే 99 నోట్లు, 49,000 అంటే 98, 48,500 అంటే 97. ఐదు వందల కట్టకు వంద నోట్లు, విలువ సరిగ్గా 50,000. కట్ట విప్పి ఒకటి, రెండు, మూడు నోట్లు తీసేసి మిషన్‌లో పెట్టినట్టు స్పష్టంగా తెలుస్తుంది. బస్తాలెక్కన ఫీడ్, సీసాలెక్కన మందు అమ్మే గల్లాలో వందలు, రెండు వందలు కూడా పడతాయి. ఈ షాపు పాత జమల్లో పడ్డాయి కూడా.

హైవే వెంట ఒక రోజు

68 జమలు ఎక్కడెక్కడ పడ్డాయంటే, కావలిలో 14, సింగరాయకొండలో 11, ఒంగోలులో 22, నెల్లూరులో 21. నాలుగూ పదహారో నంబరు జాతీయ రహదారి మీదివే. ఒక రోజు మిషన్ల సమయాలు వరసలో పెడితే కథ విడిగా చెప్పక్కర్లేదు. సెప్టెంబరు 18, బుధవారం: 10.12కు నెల్లూరులో, 10.31కు నెల్లూరులోనే ఇంకో బ్రాంచి మిషన్‌లో, 12.05కు కావలి, 1.10కి సింగరాయకొండ, 2.20కి ఒంగోలు. మూడు 49,500లు, రెండు 49,000లు, మొత్తం 2,46,500. దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే బండి పోయినట్టు సమయాలు దూరాలతో సరిపోతున్నాయి. నెల్లూరులో పంతొమ్మిది నిమిషాల తేడాతో రెండు వేరు మిషన్లు ఎందుకు? మొదటి మిషన్ ఆ సమయంలో చెడిపోలేదని, డబ్బు పెట్టె నిండలేదని లాగ్‌లోనే ఉంది. ఇది తప్పక చూడాలి. మిషన్ నిండిపోయి పక్క మిషన్‌కు వెళ్లడం రోజూ జరిగే పనే.

సాయంత్రం 4.40కి 2,40,000 ఐఎంపీఎస్‌లో బయటికి పోయింది. ఫీడ్ కంపెనీకి కాదు.

ఇక్కడొక ప్రశ్న ఉంది. దీనికి సమాధానం వెతకకపోతే పరిశీలన సగంలో ఆగినట్టే. ఖాతాకు పాన్ ఎప్పుడో జతపడి ఉంది. ఖాతాదారు తన డెబిట్ కార్డు పెట్టి కడితే మిషన్ 50,000కు మించి కూడా తీసుకుంటుంది. ఒక రోజు ఐదు ముక్కలు కట్టినా రోజు మొత్తం 50,000 దాటింది కాబట్టి పాన్ నిబంధన తప్పించుకున్నట్టూ కాదు. మరి 49,500 ఎవరికి అవసరం? తన కార్డు వాడలేనివాడికి, కౌంటరులో పేరు చెప్పడం ఇష్టంలేనివాడికి. 68 జమలూ కార్డు లేకుండా ఖాతా నంబరు కొట్టి కట్టినవే. కాబట్టి ఇక్కడ దాగుతున్నది డబ్బు పరిమాణం కంటే డబ్బు తెచ్చిన మనిషి. ఈ ఒక్క మాట వల్ల కేసు దిశ మారింది. అప్పటిదాకా "పన్ను ఎగవేస్తున్న షాపు" అని చూస్తున్నది, "ఎవరిదో డబ్బుకు దారి ఇచ్చిన ఖాతా" అని చూడాల్సి వచ్చింది.

ఖాతాదారు జవాబు, దాని పరీక్ష

ఆవర్తన కేవైసీ సమీక్షలో భాగంగా టర్నోవర్ వివరం, బాకీదారుల జాబితా అడిగారు. మిషన్ జమల ఊసు ఎత్తలేదు, రిపోర్టు అన్న మాట అసలే రాలేదు. ఎస్‌టీఆర్ పంపుతున్నామనో, పంపామనో ఖాతాదారుకు తెలియనివ్వకూడదు. ఏటా అందరినీ అడిగే ప్రశ్నల్లోనే తేల్చుకోవాల్సినది తేల్చుకోవాలి. ఆయన చెప్పింది: "రైతులే ఎక్కడికక్కడ మిషన్లో కట్టేస్తున్నారండీ, నేను తిరగలేక నంబరు ఇచ్చేశాను."

ఇది కొట్టిపారేయాల్సిన జవాబు కాదు. ఈ ప్రాంతంలో నిజంగా జరిగేదే. అందుకే దాన్ని ఆయన పుస్తకంతోనే సరిచూశారు. ఆగస్టు 31 నాటికి 11 మంది రైతుల బాకీ కలిపి 14,70,000. వారిలో ఎక్కువ బాకీ ఉన్నది ఒకరికి, 3,86,400. మిగతా అంకెలన్నీ అలాగే గతుకులు. చెరువులు అల్లూరు, విడవలూరు, బోగోలు వైపు. ఒంగోలు చుట్టుపక్కల బాకీదారు ఒక్కరూ లేరు, జమలు మాత్రం అక్కడే అన్నిటికంటే ఎక్కువ. పద్నాలుగు లక్షల డెబ్బై వేల బాకీకి ముప్పై మూడు లక్షల వసూలు ఎలా వస్తుంది? పైగా సెప్టెంబరు నాటికి రెండో పంట చెరువులు చాలావరకు సగంలో ఉంటాయి. అది ఫీడ్ అరువు పెరిగే కాలం, వసూలు దిగే కాలం కాదు. ఆగస్టు అలర్టును "పట్టుబడి కాలం" అని మూసినవారు ఈ లెక్క ఒక్కసారి వేసుకుని ఉంటే అప్పుడే ఆగేవారు.

ఆఖరి పరీక్ష కొనుగోళ్లతో. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఫీడ్ కంపెనీలకు వెళ్లింది 23,50,000. అదే మూడు నెలల్లో యూపీఐ, నెఫ్ట్ ద్వారా వచ్చింది 19,40,000. పాత తరహా గతుకు అంకెల కౌంటరు జమలు ఐదు, మొత్తం 3,12,750. రెండూ కలిపితే 22,52,750. అంటే కొన్న సరుకుకు తగ్గ డబ్బు దాదాపుగా వచ్చేసింది. షాపు తన పాటికి తాను నడుస్తూనే ఉంది. ఆగస్టు పెద్ద జమలు, మిషన్ జమలు కలిపిన 75,28,500 ఆ షాపుతో సంబంధం లేకుండా పక్కన నిలబడి ఉంది. అది ఫీడ్ అమ్మిన డబ్బే అనుకుంటే 3,270 బస్తాలు, దాదాపు 82 టన్నులు అమ్మి ఉండాలి. చెరువులున్న ఈ తీరంలో అంత ఫీడ్ అమ్ముడుపోవడం వింత కాదు. కొనకుండా అమ్మడమే వింత.

అలాగని ప్రతి మొత్తాన్నీ బస్తాల్లోకి మార్చి "ఇంత అసాధ్యం" అని రాసే అలవాటు మంచిది కాదు. ప్రాంతం తెలిసినవాళ్లు ఆ వాదాన్ని ఒక్క ఫోనుతో కొట్టేస్తారు. ఈ ఖాతా కొనుగోళ్లతో పోల్చినప్పుడే అది నిలబడుతుంది.

బయటికి వెళ్లిన దారి కూడా చూశారు. మూడు ఖాతాలకు 74,10,000 వెళ్లింది. ఏ ఒక్కదానికీ రొయ్యలతో గానీ, ఫీడ్‌తో గానీ సంబంధం ఉన్నట్టు వ్యాపార వివరంలో లేదు. గత 14 నెలల్లో వాటికి ఒక్క రూపాయీ వెళ్లలేదు. ఎక్కువసార్లు జమైన రోజే, లేదంటే మర్నాడే వెళ్లింది. ఆగస్టు 20, 21 జమలు కలిపి 19,50,000 అయితే, 21న ఆర్‌టీజీఎస్‌లో 19,00,000 వెళ్లింది. వచ్చినదానికీ పోయినదానికీ తేడా 1,18,500, అంటే ఒకటిన్నర శాతానికి కాస్త పైన. దాన్ని కమీషన్ అని ఎస్‌టీఆర్‌లో రాయలేదు. ఎంత మిగిలిందో రాసి వదిలేశారు. కమీషన్ అనడానికి ఆధారం బ్యాంకు దగ్గర లేదు, తేడా ఉందనడానికి ఉంది.

ఎస్‌టీఆర్‌లో ఏం రాశారు

మొదటి ముసాయిదాలో ఒకే వాక్యం ఉంది: "ఖాతాదారు నివేదిక పరిమితి తప్పించుకోవడానికి నగదును విడగొట్టి కడుతున్నారు." బ్యాంకు తరఫున ఈ నివేదికలు పంపే ప్రిన్సిపల్ ఆఫీసరు దాన్ని వెనక్కి పంపారు. అమెరికాలో 10,000 డాలర్ల రిపోర్టు తప్పించుకోవడానికి విడగొట్టడమే విడిగా నేరం. మన చట్టంలో అలాంటి ప్రత్యేక నేరం లేదు. ఇక్కడ విడగొట్టడం ఒక ఆనవాలు మాత్రమే. చదివే అధికారికి కావలసింది, ఎందుకు అనుమానం కలిగిందో తేదీలతో, అంకెలతో. పైగా "తప్పించుకోవడానికి" అన్నది మనసులో మాట, స్టేట్‌మెంటులో ఉండదు. మార్చి రాసిన భాగం ఇలా ఉంది:

"2024 సెప్టెంబరు 12 నుంచి అక్టోబరు 31 వరకు ఖాతాలో 68 మిషన్ జమలు, మొత్తం 33,48,500. అన్నీ 48,500 నుంచి 49,500 మధ్య. అన్నీ 500 నోట్లు. అన్నీ కార్డు లేకుండా కట్టినవి. నాలుగు పట్టణాల మిషన్లలో. ఖాతాలో అంతకుముందు 14 నెలల్లో మిషన్ జమ లేదు. ఈ మార్పు ఖాతాదారును అమ్మకాల పుస్తకం అడిగిన సెప్టెంబరు 10 తర్వాత రెండు రోజులకు మొదలైంది. ఖాతాదారు ఇచ్చిన వివరణ రైతుల బాకీ. ఆయనే ఇచ్చిన జాబితా ప్రకారం బాకీ 14,70,000. కట్టినవారెవరో బ్యాంకుకు తెలియదు."

చివరి వాక్యం రాయడానికి చాలామంది వెనకాడతారు, లోపం ఒప్పుకున్నట్టు ఉంటుందని. కానీ చదివేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. తర్వాత వెతకాల్సింది ఎవరినో అది చెబుతుంది. క్యాషియర్ ఇచ్చిన సలహా సంగతి కూడా నేపథ్యంలో దాచకుండా రాశారు.

ఎస్‌టీఆర్ వెళ్లాక ఖాతాను ఆపలేదు. ఉన్నట్టుండి ఆపితే ఖాతాదారుకు చెప్పినట్టే అవుతుంది. ఖాతాను ఎక్కువ రిస్కు వర్గంలోకి మార్చి, జమలన్నిటినీ రోజువారీ చూసే జాబితాలో పెట్టారు. అలర్టు నియమంలో మిషన్ కోడ్ చేర్చారు, దాంతోపాటే మిగులు లెక్క కూడా: ఒక ఖాతాలో వారం రోజుల్లో 45,000 నుంచి 50,000 లోపు మిషన్ జమలు ఐదు దాటి, అదే వారంలో 45,000 లోపు జమ ఒక్కటీ లేకపోతేనే అలర్టు. ఈ రెండో షరతు లేకుండా పెట్టి చూస్తే సెల్‌ఫోన్ షాపుల నుంచి హోల్‌సేల్ కిరాణా వరకు బజారంతా జాబితాలోకి వచ్చింది. ఈ నియమానికీ ఒక సందు ఉంది. మిగులు లెక్క తెలిసినవాడు మధ్యలో ఒక 12,000 కట్టి దాటిపోగలడు. అలాంటివాడిని పట్టాలంటే జమలను కాకుండా మిషన్ల వరసను చూడాలి: ఒకే రోజు, ఒకే ఖాతా, మూడు పట్టణాలు. ఆ నియమం విడిగా నడుస్తోంది.

మిషన్ల సీసీ కెమెరా దృశ్యాలు చాలాచోట్ల కొన్ని నెలలకే వాటంతటవే చెరిగిపోతాయి. లావాదేవీల రికార్డులు ఐదేళ్లు ఉంటాయి గానీ కట్టిన మనిషి ముఖం ఉండదు. సమీక్షలో 68 జమలు కనిపించిన రోజునే, ఇంకా ఏ నిర్ణయానికీ రాకముందే, నాలుగు పట్టణాల మిషన్లకు తేదీ, సమయం, మిషన్ నంబరు రాసి దృశ్యాలు భద్రపరచమని కోరారు. సెప్టెంబరు 12, 13 తేదీల సింగరాయకొండ దృశ్యాలు అప్పటికే పోయాయి. సెప్టెంబరు 18వి ఐదూ దొరికాయి.